రుతుపవనాల పాఠానికి వీడియో: ఐస్ ప్లేట్ పక్కన పెట్టి సీసాలో మబ్బు చూపించండి

ప్రశ్న: గుంటూరులో ఏడో తరగతికి సైన్స్ చెప్తానండి. రుతుపవనాల వాన ఎలా పడుతుందో ఎనిమిది నిమిషాల వీడియో చేయాలి, కెమెరా ముందే చిన్న ప్రయోగం ఉండాలి. వేడినీళ్ళ గాజు సీసా మీద ఐస్ ముక్కల ప్లేట్ పెట్టే ప్రయోగం అనుకుంటున్నా. స్క్రిప్ట్ ఎక్కడ మొదలెట్టాలి, ప్రయోగం ఎక్కడ పెట్టాలి? ఫోన్‌తోనే తీస్తాను.

మేడం గారూ, ముందు ఐస్ ప్లేట్ సంగతి మాట్లాడదాం, స్క్రిప్ట్ అంతా దాని మీదే తిరుగుతుంది కాబట్టి. నేను విజయవాడలో ఇరవై ఏళ్ళకి పైగా ఫిజిక్స్ చెప్పాను, చివరి ఆరేడేళ్ళుగా మా పిల్లలకి ఫోన్‌లో పాఠాలు తీసి పెడుతున్నాను, ఈ పాఠానికి మొదటిసారి నేనూ ఐస్ ప్లేటే పెట్టాను. చూడ్డానికి బాగుంటుంది, ప్లేట్ కింద బొట్లు కట్టి టపటపా రాలతాయి, తీయడం కూడా తేలిక. తర్వాత యూనిట్ టెస్ట్‌లో ఒక పిల్లాడు "ఆకాశంలో చల్లటి ఐస్ పొర ఉంటుంది, ఆవిరి దానికి తగిలి వాన పడుతుంది" అని రాశాడు. వాడిని తప్పు పట్టడానికి లేదు, నేను చూపించింది అదే కదా. వాడి పక్కన కూర్చునే అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది, అది ఇప్పటికీ నాకు గుర్తే: "సార్, పైకి వెళ్తే సూర్యుడికి దగ్గరవుతాం కదా, మరి వేడెక్కాలి గానీ చల్లగా ఎందుకుంటుంది?"

ఆ అమ్మాయి ప్రశ్నే మీ వీడియోకి వెన్నెముక అవ్వాలి. పైకి వెళ్ళిన గాలి ఎందుకు చల్లబడుతుంది అన్నది ఒక్కటి చూపించగలిగితే వాన పాఠంలో సగం అయిపోయినట్టే. ఐస్ ప్లేట్ ప్రయోగం సరిగ్గా దాన్నే దాటేసి పోతుంది, చల్లదనాన్ని మనం ఫ్రిజ్‌లోంచి తెచ్చి పైన పెట్టేస్తాం. నిజంగా జరిగేదాంట్లో బయటినుంచి ఎవరూ చల్లదనం తెచ్చి పెట్టరు, గాలి తనంతట తానే చల్లబడుతుంది. దీన్ని ఒక ఖాళీ కూల్ డ్రింక్ బాటిల్, రెండు చెంచాల నీళ్ళు, ఒక అగరబత్తితో చూపించొచ్చు.

ప్రయోగం ఇదీ. లీటరు గానీ రెండు లీటర్లు గానీ గ్యాస్ కూల్ డ్రింక్ బాటిల్ తీసుకోండి. మామూలు వాటర్ బాటిల్ వద్దు, అది పల్చగా ఉంటుంది, నొక్కితే నలిగిపోయి అలాగే ఉండిపోతుంది, చెయ్యి తీయగానే మళ్ళీ బిర్రుగా లేవదు. లేబుల్ పూర్తిగా పీకేసి, జిగురు కొబ్బరి నూనెతో తుడిచి, కడిగి ఆరబెట్టండి. అందులో రెండు చెంచాల నీళ్ళు పోసి మూత పెట్టి అటూ ఇటూ తిప్పితే లోపలి గాలికి ఎంత ఆవిరి పట్టాలో అంత పడుతుంది. మే, జూన్‌లో మన దగ్గర కుళాయి నీళ్ళే గోరువెచ్చగా ఉంటాయి, కాచక్కర్లేదు, డిసెంబర్‌లో తీస్తే మాత్రం కాస్త వేడి కలపండి. తర్వాత మూత తీసి, వెలిగించి ఆర్పిన అగరబత్తి పొగ ఒక్క పీల్పు, నిజంగా ఒక్కటే, లోపలికి పోనిచ్చి మూత బిగించండి. ఇప్పుడు రెండు చేతులతో గట్టిగా నొక్కి పట్టుకుని మనసులో పది దాకా లెక్కపెట్టి ఒక్కసారిగా వదిలేయండి. వదిలిన క్షణంలో సీసా నిండా తెల్లటి మబ్బు కమ్ముతుంది. మళ్ళీ నొక్కితే మాయం. మళ్ళీ వదిలితే మళ్ళీ వస్తుంది.

ఆ పది దాకా లెక్కపెట్టడం చాలామంది వదిలేస్తారు, ప్రయోగం ఫెయిల్ అయ్యేది ఎక్కువగా అక్కడే. నొక్కినప్పుడు లోపలి గాలి ఇరుకై కాస్త వేడెక్కుతుంది, సైకిల్‌కి పంపు కొడితే పంపు అడుగు వేడెక్కుతుందే అలాగ. వెంటనే వదిలేస్తే ఆ గాలి వేడెక్కినంతా చల్లబడి మొదట ఎక్కడుందో అక్కడికే వస్తుంది, అంతకంటే కిందకి దిగదు, కాబట్టి మబ్బు ఉండదు, ఉన్నా కనీకనపడనట్టు ఉంటుంది. పది సెకన్లు పట్టుకుంటే ఆ ఎక్కువైన వేడి సీసా గోడల్లోకి పోతుంది. ఇప్పుడు వదిలితే గాలి ఒక్కసారి వ్యాపించి, మొదట ఉన్నదానికంటే చల్లబడుతుంది, లోపల అప్పటికే నిండా ఉన్న ఆవిరిలో కొంత ఇక ఆవిరిగా ఉండలేక సన్నటి నీటి బొట్లయిపోతుంది. స్క్రిప్ట్‌లో ఆ పది సెకన్లు మౌనంగా ఉండకండి, పిల్లలతో గట్టిగా లెక్కపెట్టించండి, వీడియోలో ఊపిరి బిగబట్టి చూసే చోటు కూడా అదే అవుతుంది.

వ్యాపిస్తే ఎందుకు చల్లబడాలి అంటే ఏడో తరగతికి సరిపోయే మాట ఇది: "గాలి వ్యాపించాలంటే చుట్టూ ఉన్న గాలిని నెట్టుకుని చోటు చేసుకోవాలి, నెట్టడానికి కావాల్సిన శక్తి ఎవరూ ఇవ్వరు, తన దగ్గరున్న వేడిలోంచే ఖర్చు పెట్టుకుంటుంది." అంతకు మించి లోతుకి వెళ్ళొద్దు. ఇక్కడ సెంటు స్ప్రే ఉదాహరణ మాత్రం వాడకండి, చాలా వీడియోల్లో వాడుతున్నారు. స్ప్రే చేతికి చల్లగా తగిలేది ఎక్కువగా అందులోని ద్రవం ఆవిరవడం వల్ల, అది వేరే సంగతి. అలాగే సీసాలో నీళ్ళకి బదులు స్పిరిట్ పోసి చేసే వీడియోలు కూడా ఉన్నాయి, మబ్బు దట్టంగా వస్తుంది నిజమే కానీ అది నీటి మబ్బు కాదు, పైగా నిప్పు దగ్గర పెట్టే వస్తువు కాదు. మన పాఠం నీళ్ళ గురించి, నీళ్ళతోనే చేయండి. సైకిల్ పంపుతో గాలి కొట్టి బిరడా ఎగరగొట్టే పద్ధతిలో ఇంకా గట్టి మబ్బు వస్తుంది, కానీ చూసిన పిల్లలు ఇంటికెళ్ళి చేస్తారు, బిరడా కంటికి తగిలితే ఇక చెప్పేదేముంది, అందుకే చేత్తో నొక్కేదే నేను చేస్తాను.

ఇక స్క్రిప్ట్. రుతుపవనాలు అనగానే మనం అరేబియా సముద్రం, పశ్చిమ కనుమలు, బాణం గుర్తులు అని మొదలెడతాం. గుంటూరు పిల్లకి పశ్చిమ కనుమలు కనపడవు, పైగా ఆ కనుమల అవతల వాన కురిసేసి ఇటు దిగే గాలిలో తడి చాలా తగ్గిపోతుంది, దాంతో మన జిల్లాల్లో వాన ఎందుకు పడుతుందో చెప్పలేం. కృష్ణా, గుంటూరు వైపు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పడే పెద్ద వానలు చాలావరకు బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలు, వాయుగుండాల మీద ఆధారపడ్డవే. ఆ అల్పపీడనం అన్న మాట పిల్లలు టీవీ వార్తల్లో వందసార్లు విన్నారు, అర్థం మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనైతే అక్కడే తలుపు తీస్తాను.

మొదటి నిమిషం ఉక్కపోతతో మొదలెట్టండి. మా వీడియోలో నేను అన్న మాటలు దాదాపుగా ఇవే: "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఎండ అలా మండుతుంది. కానీ జూన్‌లో ఒక సాయంత్రం ఎండ తగ్గినా చెమట ఆరదు, చొక్కా ఒంటికి అంటుకుపోతుంది, అమ్మ 'ఉక్కగా ఉంది, వాన పడుతుందేమో' అంటుంది. అమ్మకి ఎలా తెలిసింది?" అని అడిగి, ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టండి. నిమిషంలో గ్లాసు బయట బొట్లు కడతాయి. "గ్లాసు కారలేదు. ఈ నీళ్ళు ఈ గదిలో గాలిలోవే." అంతే, ఆవిరి అనే కనపడని పాత్ర కథలోకి వచ్చేసింది. మే నెల పొడి మధ్యాహ్నం చేస్తే గ్లాసుకి బొట్లు సరిగ్గా కట్టవు, అది మీకు తలనొప్పి అవుతుంది, కాబట్టి ఉక్కగా ఉన్న రోజు చూసుకుని తీయండి.

రెండో ముక్క, సముద్రం మీది గాలి ఇటెందుకు వస్తుంది అనేది. దీనికి చాలామంది ఇసుక, నీళ్ళు రెండు గిన్నెల్లో పోసి బల్బు కింద పెట్టి థర్మామీటర్లు గుచ్చుతారు. మంచి ప్రయోగమే, కానీ ఇరవై నిమిషాలు పడుతుంది, ఎనిమిది నిమిషాల వీడియోలో రెండు ప్రయోగాలు పెడితే పిల్లలకి ఏదీ నిలవదు. దానికి బదులు సూర్యలంక గుర్తు చేయండి. మధ్యాహ్నం పన్నెండింటికి బాపట్ల నుంచి వెళ్ళి చెప్పులు లేకుండా ఇసుకలో నడిచిన ప్రతి పిల్లకీ తెలుసు, ఇసుక మీద గెంతుకుంటూ పరిగెత్తి నీళ్ళలో కాలు పెట్టేదాకా ప్రాణం కుదుటపడదు. అదే ఎండ, అదే టైం, ఇసుక కాలుతుంది, నీళ్ళు చల్లగా ఉంటాయి. ఒకే బరువు నీళ్ళనీ పొడి ఇసుకనీ ఒక్కో డిగ్రీ వేడెక్కించాలంటే నీళ్ళకి దాదాపు ఐదు రెట్లు వేడి కావాలి, పైగా సముద్రంలో ఎండ లోతుకి దిగుతుంది, అలలు నీటిని కలిపేస్తాయి. నేల వేడెక్కి దాని మీద గాలి తేలికై లేస్తుంది, ఆ చోటికి సముద్రం మీది తడిగాలి వస్తుంది. రుతుపవనాలు ఇలాంటి పెద్ద సముద్రపు గాలే అని 1686లోనే హేలీ, ఆ తోకచుక్క పేరుతో మనకి తెలిసిన ఆయనే, రాశాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త. "నేల వేడెక్కింది కాబట్టి వాన పడింది" అని ముగిస్తే తెలివైన పిల్ల పట్టుకుంటుంది: ఎక్కువ వేడి మే నెలలో కదా, ఎక్కువ వాన జూలై, ఆగస్టుల్లో ఎందుకు? ఇది సరైన ప్రశ్న, హేలీ చెప్పిన దాంట్లో లేని ముక్క ఇదే. వాన మొదలయ్యాక నేల చల్లబడినా రుతుపవనం ఆగదు, ఎందుకంటే ఆవిరి నీరుగా మారేటప్పుడు తను దాచుకున్న వేడిని పైగాలికి ఇచ్చేస్తుంది, ఆ వేడితో అక్కడి గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద ఇంకా తడిగాలి లాగుతుంది. పొయ్యి వెలిగించింది ఎండ, తర్వాత దానికి కట్టెలు వేసేది ఆవిరే. స్క్రిప్ట్‌లో ఇది రెండే రెండు వాక్యాలు ఉంటే చాలు, కానీ ఉండాలి. భూమి తిరగడం వల్ల దక్షిణం నుంచి భూమధ్యరేఖ దాటి వచ్చే గాలి కుడివైపుకి ఒంగి నైరుతి గాలి అవుతుందన్నది ఏడో తరగతి వీడియోలో నేను పెట్టను, క్లాసులో గ్లోబ్ చేత్తో పట్టుకుని చెప్తేనే అర్థమవుతుంది.

మూడో ముక్క అల్పపీడనం. "వార్తల్లో అల్పపీడనం అంటారు. అంటే అక్కడ గాలి బరువు చుట్టుపక్కల కంటే కాస్త తక్కువ. చుట్టూ ఉన్న గాలి అటు వస్తుంది. అన్ని వైపుల నుంచీ వచ్చిన గాలి ఒకచోట గుమిగూడితే ఇక ఎక్కడికి పోతుంది? నేలలోకి పోలేదు. పైకే పోవాలి." ఇలా అంటూ రెండు అరచేతులూ బల్ల మీద అటూ ఇటూ నుంచి దగ్గరకి జరుపుతూ కలిశాక పైకి ఎత్తండి, ఏ బొమ్మా అక్కర్లేదు. ఆ ఎత్తిన చేతులతోనే సీసా అందుకోండి. "పైకి వెళ్ళిన గాలికి ఏమవుతుందో ఇందులో చూద్దాం." ప్రయోగం వచ్చే చోటు ఇదే, మూడున్నర నాలుగు నిమిషాల దగ్గర. మొదట్లో పెడితే మేజిక్‌లా చూసి వదిలేస్తారు, చివర్లో పెడితే అప్పటికి సగంమంది చూడటం మానేసి ఉంటారు.

ఇక్కడే పెద్ద గుంట ఒకటి ఉంది, నేను పడ్డాను కాబట్టి చెప్తున్నాను. మీరు అల్పపీడనం అన్నారు, వెంటనే సీసా వదిలి "పీడనం తగ్గింది, చల్లబడింది, మబ్బు వచ్చింది" అన్నారు. పిల్లలు ఈ రెండింటినీ కలిపేసి, అల్పపీడనంలో పీడనం తక్కువ కాబట్టి అక్కడ గాలి చల్లబడి మబ్బు వస్తుంది అని రాసేస్తారు. వినడానికి బాగానే ఉంటుంది, కానీ తప్పు. నేల మీద అల్పపీడనం అంటే చుట్టుపక్కల కంటే ఏ నాలుగైదు హెక్టోపాస్కల్సో తక్కువ, మామూలుగా ఉండే వెయ్యిలో అది ఏపాటి. అదే గాలి కిలోమీటరున్నర ఎత్తుకి వెళ్తే పీడనం దాదాపు నూట యాభై తగ్గుతుంది. గాలిని చల్లబరిచేది ఈ రెండోది. మొదటిది గాలిని పోగుచేసి పైకి పంపే పని మాత్రమే చేస్తుంది. అందుకే ఇప్పుడు నా స్క్రిప్ట్‌లో సీసా చేతిలోకి తీసుకునే ముందు ఒక వాక్యం ఉంటుంది: "అల్పపీడనం గాలిని మెట్ల దగ్గరికి తీసుకొచ్చింది, ఇక చల్లబడటం మెట్లు ఎక్కేటప్పుడు జరుగుతుంది." సీసా నొక్కి ఉన్నప్పుడు "ఇది నేల మీద గాలి", వదిలాక "ఇది పైకి వెళ్ళిన గాలి" అని రెండు చిన్న చీటీలు సీసా పక్కన పెట్టి, వేలితో చూపిస్తూ చేయండి. చీటీలు పెట్టిన దగ్గర్నుంచి ఆ తప్పు బాగా తగ్గింది.

ప్రయోగం తర్వాత ఒక లెక్క చేయించండి, దీంతో మన ఊరి మబ్బు ఎంత ఎత్తులో పుడుతుందో పిల్లలే చెప్తారు. తడిగాలి చల్లబడుతూ పోతే ఏ డిగ్రీ దగ్గర నీటి బొట్లు మొదలవుతాయో దాన్ని తుషార బిందువు అంటాం, ఫోన్‌లో వాతావరణం యాప్‌లు కొన్ని డ్యూ పాయింట్ అని చూపిస్తాయి. బయటి ఉష్ణోగ్రతలోంచి అది తీసేసి 125తో గుణిస్తే మబ్బు అడుగు ఎన్ని మీటర్ల ఎత్తులో ఉంటుందో ఉరామరిగా వస్తుంది. జూలైలో ఉక్కగా ఉన్న రోజు 32 డిగ్రీలు, డ్యూ పాయింట్ 25 అనుకోండి, తేడా 7, అంటే 875 మీటర్లు. మే ఎండలో 43 డిగ్రీలు, డ్యూ పాయింట్ 20 అనుకుంటే తేడా 23, అంటే 2,875 మీటర్లు. అంత ఎత్తు దాకా గాలి లేవడమే కష్టం, లేచి మబ్బు కట్టి చినుకు రాలినా పొడి గాలిలో దిగేలోపు చాలావరకు ఆవిరైపోతుంది. మేలో ఎండ ఉన్నా వాన ఎందుకు లేదో పిల్లలకి ఈ రెండు తీసివేతలతో తెలిసిపోతుంది, నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇది. ఇది నేల నుంచి ఎండ వేడికి లేచే మబ్బులకి పనికొచ్చే లెక్క, రోజంతా ముసురు పట్టిన రోజు దీన్ని నమ్ముకోకండి.

పొగ ఎందుకు అని తప్పకుండా అడుగుతారు, స్క్రిప్ట్‌లో ముందే చెప్పండి, లేకపోతే "మీరు చూపించింది పొగే" అంటారు. ఆవిరి నీటి బొట్టుగా మారడానికి పట్టుకోవడానికి ఏదో ఒక నలుసు కావాలి, ఆకాశంలో ఆ పని దుమ్ము, పొగ, సముద్రపు ఉప్పు రేణువులు చేస్తాయి. 1880 ప్రాంతంలో జాన్ ఐట్కెన్ అనే స్కాట్లండ్ శాస్త్రవేత్త దుమ్ము వడకట్టిన గాలిలో మబ్బు కట్టదని ఇలాంటి ప్రయోగంతోనే చూపించాడు. మీరు కూడా పొగ లేకుండా ఒకసారి, పొగతో ఒకసారి చేస్తే పాఠం గట్టిపడుతుంది. కానీ మన బెంజ్ సర్కిల్ దగ్గరో, మీ బ్రాడీపేటలోనో గదిలో గాలి పట్టి సీసాలో మూత పెడితే అందులో అప్పటికే దుమ్ము ఉంటుంది, పొగ లేకపోయినా పల్చగా మబ్బు వచ్చేస్తుంది, కెమెరా ముందు మీరు "చూశారా, రాలేదు" అనలేరు. దానికి మందు ఏంటంటే, ముందు రోజు రాత్రే నీళ్ళు పోసి మూత బిగించి సీసాని కదపకుండా ఉంచండి, పొద్దున్న మూత తీయకుండా ఆరేడు సార్లు నొక్కి వదలండి, ఉన్న నలుసుల మీద బొట్లు కట్టి అవి కిందకి దిగిపోతాయి. అప్పుడు తీసే మొదటి టేక్‌లో సీసా దాదాపు తేటగానే ఉంటుంది. మీరు చూపించింది పొగ కాదు అనడానికి ఇంకో గట్టి సాక్ష్యం కూడా ఉంది, నొక్కగానే మాయమవడం. పొగయితే నొక్కినా అక్కడే ఉంటుంది.

కెమెరా సంగతి. ఈ మబ్బు కంటికి కనిపించినంత బాగా ఫోన్‌కి కనపడదు, తెల్ల గోడ ముందు పెడితే అసలు కనపడదు. నా మొదటి టేక్‌లన్నీ అలాగే పోయాయి. సీసా వెనక ఓ అడుగు దూరంలో నల్ల చార్ట్ పేపర్ పెట్టండి, లైట్ ముందు నుంచి కాకుండా సీసా వెనక పక్కగా, కెమెరాకి నేరుగా తగలకుండా పెట్టండి, ఇంకో ఫోన్ టార్చ్ చాలు. సన్నటి బొట్లు వెలుగుని ఎక్కువగా ముందుకే, అంటే కెమెరా వైపుకి చిమ్ముతాయి, అందుకే వెనక నుంచి వెలుగు పడితే మబ్బు ఒక్కసారిగా మెరుస్తుంది. తర్వాత సీసా మీద వేలు నొక్కి పట్టుకుని ఫోకస్, వెలుతురు లాక్ చేయండి, ఐఫోన్ అయితే AE/AF LOCK అని పైన కనపడుతుంది. లాక్ చేయకపోతే మబ్బు వచ్చిన క్షణంలోనే ఫోన్ ఫోకస్ వెతుక్కుంటూ మసకేస్తుంది. ఎల్ఈడీ బల్బు కింద గీతలు కదిలినట్టు వస్తే షటర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, మన కరెంట్ 50 హెర్ట్జ్ కదా. సీసా లోపలి గోడకి బొట్లు పట్టి మసకబారితే నీళ్ళు మరీ వేడిగా ఉన్నాయని అర్థం, చల్లార్చండి, లేదా మొదటే లోపల గిన్నెల సబ్బు ఒక చుక్క నీళ్ళలో కలిపి తిప్పి పారబోయండి. ఫ్యాన్ ఆపాలి, చప్పుడుకి కాదు, అది తిరుగుతుంటే అగరబత్తి పొగ సీసాలోకి వెళ్ళదు. అందుకే పొద్దున్న ఆరింటికల్లా తీయడం మొదలెడితే మీకు చెమటలు పట్టవు.

నొక్కి వదిలే షాట్ మధ్యలో కట్ చేయొద్దు. నొక్కడం, పది లెక్క, వదలడం, మబ్బు, మళ్ళీ నొక్కడం, మాయం, మొత్తం ఒకే టేక్‌లో రావాలి, చేతులు కూడా ఫ్రేమ్‌లో కనపడాలి, అప్పుడే పిల్లలు నమ్ముతారు. నాకు నాలుగైదు టేక్‌లు పడతాయి, టేక్‌కీ టేక్‌కీ మధ్య మూత తీసి సీసా ఊది పొగ పూర్తిగా పోగొట్టి మళ్ళీ మొదలెట్టాలి, లేకపోతే పొగ పేరుకుని మొదట్నుంచే మసకగా కనపడుతుంది. పొగ ఎక్కువయినా మబ్బు తేడా తెలియదు, అందుకే ఒక్క పీల్పు అన్నాను.

ఇంకో మాట, మనసులో పెట్టుకోండి. విజయవాడలో 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1న కురిసిన వాన, బుడమేరు మునక మన పిల్లలు కళ్ళారా చూశారు. బంగాళాఖాతంలో వాయుగుండం కళింగపట్నం దగ్గర తీరం దాటితే ఇంత దూరంలో ఉన్న మనకి ఇంత వాన పడింది, అల్పపీడనం చుట్టూ ఎంత దూరం నుంచి తడిగాలిని లాగుతుందో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. మాటల్లో చెప్పండి, మ్యాప్ చూపించండి. కానీ మునిగిన ఇళ్ళ వీడియోలు ఆకర్షణ కోసం మొదట్లో పెట్టకండి. మా క్లాసులో పుస్తకాలు, మంచం, సర్టిఫికెట్లు అన్నీ పోగొట్టుకున్న పిల్లలున్నారు, వాళ్ళు ఆ బొమ్మ తర్వాత ఇక పాఠం వినరు.

చివరి నిమిషం సీసా చేయలేనిదాని గురించి ఉండాలి. సీసాలో మబ్బు వచ్చింది గానీ వాన పడలేదు కదా. పిల్లలు అడగకముందే మీరే అడగండి: "మరి చినుకు ఏది?" మబ్బులో ఒక్కో బొట్టు ఎంత చిన్నదంటే అలాంటివి దాదాపు పది లక్షలు కలిస్తే ఒక మామూలు వాన చినుకు. సీసాలో మబ్బు కొన్ని సెకన్లే ఉంటుంది, బొట్లు ఒకదానికొకటి తగిలి పెరగడానికి ఎత్తూ లేదు, టైమూ లేదు. నిజమైన వానమబ్బు కిలోమీటర్ల మందం ఉంటుంది, కింద నుంచి తడిగాలి ఆగకుండా అందుతూ ఉంటుంది, బొట్లు పైకీ కిందకీ తిరుగుతూ గుద్దుకుని కలిసి బరువెక్కుతాయి, చాలా ఎత్తైన మబ్బుల్లో పైభాగంలో మంచు స్ఫటికాలు కూడా ఏర్పడి పెరుగుతాయి. ఈ మాట చెప్పేటప్పుడు కిటికీ అద్దం మీద నీళ్ళు చిలకరించి, రెండు బొట్లు కలిసి బరువెక్కి జర్రున జారే షాట్ ఒకటి దగ్గర నుంచి తీసి పెట్టండి, మూడు సెకన్లు చాలు.

స్క్రిప్ట్ మాటల లెక్కకి, ప్రయోగం ఉన్న వీడియోలో నేను నిమిషానికి ఎనభై మాటలకి మించి రాయను, అంటే మీ ఎనిమిది నిమిషాలకి ఆరువందల నలభై, అందులో సీసా చేతిలో ఉన్న రెండు నిమిషాలకి నూరు మాటలు దాటొద్దు. రాసింది తీయకముందు ఒక ఏడో తరగతి పిల్లకి చదివి వినిపించి, ఒక్కటే అడగండి, "పైకి వెళ్ళిన గాలి ఎందుకు చల్లబడింది?" పైన చల్లగా ఉంటుంది కాబట్టి అందంటే సీసా ముందు వాక్యం మళ్ళీ రాయండి. వ్యాపించింది కాబట్టి అందంటే ఫోన్ స్టాండ్‌కి పెట్టేయండి.